అంకె ఏ పేజీది, ఏ వరుసది: పాత జనగణన పట్టికలను ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఆధారపు కాలమ్‌లు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో తమ ఊళ్ల పాత లెక్కలు వెతికే తెలుగువారికి ఒక ఇబ్బంది ఎప్పుడూ ఎదురవుతుంది. జిల్లాల సరిహద్దులు పలుమార్లు మారాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ తరువాత గంజాం, కోరాపుట్ జిల్లాల కింద నడిచి, 1992 అక్టోబరు 2న గజపతి, రాయగడ వేరు జిల్లాలయ్యాయి. 1991 జనగణన ఆ విభజనకు ముందే జరిగింది కనుక, నేటి రాయగడ జిల్లాలోని ఊరి 1961 లెక్క గాని 1981 లెక్క గాని కావాలంటే కోరాపుట్ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తెరవాలి. నేటి గజపతి ఊరికైతే గంజాం పుస్తకం తెరవాలి. వీటి స్కాన్‌లు పీడీఎఫ్‌లుగా దొరుకుతున్నాయి. వాటిలోని గ్రామాల పట్టికలను ఎక్సెల్‌లోకి ఎక్కించుకుని వాడేవారూ పెరుగుతున్నారు. అయితే ఎక్సెల్‌లోకి వచ్చిన అంకె ఏ పుస్తకంలో ఏ పేజీ నుంచి, ఆ పేజీలో ఏ వరుస నుంచి వచ్చిందో పక్కనే రాసి లేకపోతే, ఆ అంకె మీద సందేహం వచ్చిన నాడు దాన్ని తేల్చడానికి మళ్లీ పుస్తకమంతా తిరగేయాల్సి వస్తుంది.

ఊరి పేరు ఉంది కదా, దానితో వెతుక్కోవచ్చు కదా అనిపించవచ్చు. ఈ ప్రాంతంలో అది కుదరదు. 'గుడ' అనే మాటతో ముగిసే ఊళ్ల పేర్లు ఇక్కడ కొల్లలు. ఒకే పేరున్న ఊళ్లు ఒకే పోలీస్ స్టేషన్ పరిధిలో రెండు మూడు ఉండటం వింతేమీ కాదు. పైగా ఆ పేరును పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక రకంగా వేశారు, ఒడియాలో ఇంకో రకంగా రాస్తారు, మనం మరో రకంగా పలుకుతాం. కాబట్టి అంకెకు చిరునామా అంటూ ఇస్తే అది ఊరి పేరు మీద కాక, అచ్చయిన కాగితం మీద ఆ అంకె ఉన్న చోటు మీద ఆధారపడాలి. ఆ చోటుకు మూడు భాగాలు ఉంటాయి: పేజీ, వరుస, కాలమ్. పుస్తకంలో పట్టిక తలకట్టు కింద 1, 2, 3 అంటూ కాలమ్‌లకు అంకెలు అచ్చు వేసే ఉంటాయి. ఎక్సెల్ కాలమ్ పేరులో ఆ అంకెను `c05_persons` అన్నట్టు ఉంచుకుంటే మూడో భాగం తీరిపోతుంది. చిక్కంతా మిగతా రెండింటిలోనే ఉంది.

ముందు పేజీ సంగతి. ఒక స్కాన్‌లో ప్రతి పేజీకి రెండు అంకెలు ఉంటాయి. కాగితం మీద అచ్చయినది ఒకటి, పీడీఎఫ్ తెరిచినప్పుడు పై పట్టీలో కనిపించేది ఇంకొకటి. అట్ట, ముందుమాట, రోమన్ అంకెల పేజీలు లెక్కలోకి వస్తాయి కనుక రెండోది పెద్దదిగా ఉంటుంది. ఆ తేడాను ఒకసారి కనుక్కుని కూడుకుంటే చాలని చాలామంది అనుకుంటారు. కాని జిల్లా హ్యాండ్‌బుక్‌లలో పోలీస్ స్టేషన్ పటాలు మధ్యమధ్య వస్తాయి. వాటికి తరచుగా పేజీ అంకె ఉండదు. ఆ పటం దాటగానే తేడా పెరుగుతుంది. స్కాన్ చేసినవారు ఒక పేజీ వదిలేసిన చోట తగ్గుతుంది, ఒకే పేజీని రెండుసార్లు తీసిన చోట మళ్లీ పెరుగుతుంది. అందువల్ల లెక్క కట్టి రాయడం కాకుండా, రెండు అంకెలనూ చూసి రెండు వేర్వేరు కాలమ్‌లలో రాయాలి. పీడీఎఫ్ అంకె ఉంటే క్షణంలో ఆ పేజీ తెరవవచ్చు, అచ్చు అంకె ఉంటే గ్రంథాలయంలో అసలు పుస్తకం ముందు పెట్టుకున్నవారికి కూడా దారి దొరుకుతుంది.

వరుస సంగతి ఇంతకన్నా సున్నితం. పట్టికలో మొదటి కాలమ్‌లో క్రమసంఖ్య ఉంటుంది, దాన్నే వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. కాని ఆ సంఖ్య పోలీస్ స్టేషన్ మారినప్పుడల్లా 1 నుంచి మొదలవుతుంది, మొత్తం చూపే వరుసకు అసలు ఉండదు, ఒక్కోచోట మసకబారి చదవడానికి వీలుండదు. కనుక క్రమసంఖ్యను దాని కాలమ్‌లో ఉన్నదున్నట్టు ఉంచి, దానితో సంబంధం లేకుండా పేజీలో పై నుంచి ఎన్నో వరుసో లెక్కపెట్టి వేరే కాలమ్‌లో రాయాలి. ఈ లెక్కకు నియమం ముందే పెట్టుకుని కాగితం మీద రాసుకోవాలి. నేను పాటించే నియమం ఇది: తలకట్టు, కాలమ్ అంకెల గీత దాటిన తరువాత వచ్చే ప్రతి వరుసా లెక్కలోకి వస్తుంది. పోలీస్ స్టేషన్ పేరు ఉన్న వరుస, మొత్తం వరుస, జనం లేని ఊరి వరుస అన్నీ లెక్కే. ఊరి పేరు పొడుగై రెండో గీతలోకి జారితే మాత్రం ఆ రెండు గీతలూ కలిసి ఒక్క వరుస. ఈ చివరి మాట రాసుకోకపోతే పనిచేసే ఇద్దరిలో ఒకరు దాన్ని ఒకటిగా, మరొకరు రెండుగా లెక్కపెడతారు. అప్పటి నుంచి ఆ పేజీలో కింది వరుసలన్నిటి అంకెలూ ఇద్దరికీ వేర్వేరుగా ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరకు వద్దాం. గ్రామాల ప్రాథమిక పట్టిక వెడల్పు ఎక్కువ కనుక అది ఎదురెదురు పేజీల మీద పరుచుకుని ఉంటుంది. ఎడమ పేజీలో ఊరి పేరు, విస్తీర్ణం, మొత్తం జనం, పురుషులు, స్త్రీలు ఉంటే, అక్షరాస్యులు, వృత్తుల వారీ లెక్కలు కుడి పేజీలోకి పోతాయి. అంటే ఎక్సెల్‌లో ఒకే వరుసగా కనిపించే ఊరికి ఆధారం ఒక పేజీ కాదు, రెండు. చాలామంది ఎడమ పేజీ అంకె ఒక్కటే రాసి, కుడిది దాని పక్కదే కదా అని వదిలేస్తారు. ఆ వదిలేసిన చోటే అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు దాక్కుంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని అంకెలు విషయం తేటపడడానికి నేను కల్పించుకున్నవి. పీడీఎఫ్‌లో 238వ పేజీ ఎడమది, 239 కుడిది, ఒక్కో దానిలో 40 ఊళ్లు. ఎడమ పేజీలో 17వ వరుసలో జనం లేని ఊరు ఉంది. అటువంటి ఊరికి పేరు, విస్తీర్ణం వేసి, జనాభా గడుల మీదుగా `Uninhabited` అని వేస్తారు. కుడి పేజీలో ఆ ఊరికి చెప్పడానికి ఏమీ ఉండదు కనుక అక్కడ ఖాళీ వదులుతారు. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఖాళీని వరుసగా చూడదు. ఎడమ పేజీ నుంచి 40 వరుసలు, కుడి పేజీ నుంచి 39 వరుసలు వస్తాయి. రెండింటినీ పక్కపక్కన అతికించగానే 18వ ఊరి అక్షరాస్యులు 17వ ఊరికి, 19వ దానివి 18వ దానికి చేరి, అలా పేజీ అడుగు దాకా ఒక్కో మెట్టు పైకి జరిగిపోతాయి. చివరి ఊరి గడులు ఖాళీగా మిగులుతాయి. దాన్ని చూసినవారు ఆ అంకె అచ్చులో సరిగ్గా పడలేదేమో అనుకుని ముందుకు పోతారు.

ఈ తప్పు ఎందుకు ప్రమాదకరమంటే, సాధారణంగా చేసే తనిఖీల్లో ఇది దొరకదు. పురుషులు, స్త్రీలు కలిపితే మొత్తం జనం రావాలన్న తనిఖీలో మూడు అంకెలూ ఎడమ పేజీవే, అవి సరిగ్గానే ఉన్నాయి. పోలీస్ స్టేషన్ మొత్తంతో సరిచూసినా తేడా రాదు. అంకెలు ఊళ్ల మధ్య చోటు మారాయే తప్ప ఏదీ పోలేదు, ఏదీ చేరలేదు కనుక కూడిక అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. 96 మంది ఉన్న చిన్న ఊరికి, దాని కింద ఉన్న పెద్ద ఊరి 131 మంది అక్షరాస్యులు వచ్చి చేరితే, జనం కన్నా అక్షరాస్యులు ఎక్కువయ్యారు కనుక అక్కడ మాత్రం అనుమానం వస్తుంది. మిగతా ఇరవై పైచిలుకు ఊళ్లలో అంకెలు నమ్మదగినట్టే కనిపిస్తాయి. పట్టుబడిన ఆ ఒక్క గడిని దిద్ది ఊరుకుంటే మిగతావన్నీ తప్పుగానే ఉండిపోతాయి.

దీనికి విరుగుడు ఏమిటంటే కుడి పేజీకి దాని సొంత ఆధారపు కాలమ్‌లు ఇవ్వడం, అవి ఎడమ పేజీ నుంచి తెచ్చుకోకుండా కుడి పేజీనే చూసి రాయడం. పట్టిక మొదట్లో ఈ కాలమ్‌లు ఉండాలి:

```
src,pdf_l,pg_l,row_l,sl_l,pdf_r,pg_r,row_r,sl_r
KPT61,238,212,18,97,239,213,18,97
KPT61,238,212,19,98,239,213,19,98
```

`src` పుస్తకానికి మనం పెట్టుకున్న పొట్టిపేరు, `pg` అచ్చు పేజీ, `sl` అచ్చులోని క్రమసంఖ్య. చివర `_l` ఉంటే ఎడమ పేజీది, `_r` ఉంటే కుడి పేజీది. కొన్ని పట్టికల్లో కుడి పేజీలో కూడా క్రమసంఖ్యను మళ్లీ వేస్తారు. అలా ఉంటే పని తేలిక: ఎడమ, కుడి భాగాలను వరుస స్థానాన్ని బట్టి కాకుండా క్రమసంఖ్యను బట్టి జత చేసి, తరువాత `row_l`, `row_r` సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. సమానంగా లేని మొదటి వరుస ఎక్కడుందో తప్పు అక్కడ పుట్టింది. కుడి పేజీలో క్రమసంఖ్య వేయని పుస్తకాల్లో మాత్రం కాగితం మీద వరుస ఎంత ఎత్తులో ఉందన్నదే ఆధారం.

ఆ ఎత్తు మనం కొలవనక్కరలేదు. టెస్సరాక్ట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి మాటకూ దాని చోటును కూడా ఇస్తుంది. పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చి చదివించే ఆదేశాలు ఇవి:

```
pdftoppm -r 300 -f 238 -l 239 -png KPT61.pdf p
tesseract p-239.png p-239 --psm 6 tsv
```

వచ్చే `p-239.tsv` ఫైల్‌లో `line_num`, `left`, `top`, `width`, `height`, `conf`, `text` అనే కాలమ్‌లు ఉంటాయి. `top` అంటే బొమ్మ పై అంచు నుంచి ఆ మాట ఎన్ని పిక్సెల్‌ల కింద ఉందన్న లెక్క. మన ఉదాహరణలో వరుసకూ వరుసకూ మధ్య సుమారు 42 పిక్సెల్‌లు ఉంటే, ఖాళీ వదిలిన 17వ చోట మాత్రం ఆ దూరం 84 అవుతుంది. అంటే మధ్యలో ఒక వరుస ఉంది, అది ఖాళీ. అక్కడ ఖాళీ వరుస ఒకటి చేర్చి ఆ తరువాతే `row_r` అంకెలు వేయాలి. స్కాన్ పక్కకు ఒరిగి ఉంటే ఒకే వరుసలో ఎడమ చివరి మాటకూ కుడి చివరి మాటకూ ఎత్తు మారుతుంది కనుక, ముందు బొమ్మను నిటారు చేసుకోవాలి. పట్టిక కింది సగంలో కాగితం పుస్తకం మధ్యలోకి వంగి ఉంటే మాత్రం ఈ ఎత్తుల లెక్కను పూర్తిగా నమ్మలేం, ఆ పేజీలను కళ్లతో చూడాల్సిందే.

ఇక్కడ ఇంకో మాట. ఆ ఫైల్‌లో `page_num` అనే కాలమ్ కూడా కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మను విడిగా చదివించినప్పుడు అందులో ఎప్పుడూ 1 అనే ఉంటుంది, అది పుస్తకం పేజీ కాదు. పేజీ అంకెను బొమ్మ పేరులోని 239 నుంచే తీసుకోవాలి. పై ఆదేశంలో మధ్య పేజీలను మాత్రమే అడిగినా, `pdftoppm` బొమ్మ పేరులో అసలు పీడీఎఫ్ పేజీ అంకెనే పెడుతుంది. మనకు కావలసింది అదే. ఎదురెదురు పేజీలను కలిపి ఒకే బొమ్మగా స్కాన్ చేసిన పుస్తకాల్లో `pdf_l`, `pdf_r` ఒకటే అవుతాయి. అచ్చు పేజీ అంకెలు మాత్రం వేరుగానే ఉంటాయి కనుక ఏది ఏ వైపుదో తెలుస్తుంది.

ఈ కాలమ్‌లను ఎప్పుడు చేర్చాలన్నది చాలామంది తేలికగా తీసుకునే విషయం. అంకెలు స్కాన్ నుంచి బయటకు వచ్చిన ఆ క్షణంలోనే, ఇంకే పనీ చేయక ముందే చేర్చాలి. ఒకసారి ఊళ్లను అక్షర క్రమంలో పేర్చినా, మొత్తం వరుసలను తీసేసినా, రెండు పోలీస్ స్టేషన్‌ల పట్టికలను కలిపినా, కాగితం మీది క్రమం చెదిరిపోతుంది. ఆ తరువాత వరుస అంకె వేయాలంటే ఒక్కో ఊరినీ మళ్లీ వెతకాలి. `=ROW()-1` వంటి సూత్రంతో వరుస అంకె తెప్పించుకునే అలవాటు కూడా కొందరికి ఉంది. పట్టికను తిరిగి పేర్చగానే ఆ సూత్రం కొత్త చోటును బట్టి కొత్త అంకె చూపిస్తుంది, పాత చిరునామా మాయమవుతుంది. సూత్రంతో వేసినా వెంటనే దాన్ని కాపీ చేసి అంకెలుగానే అతికించాలి. పేజీ, వరుస కలిపి ఒకే గుర్తుగా కావాలనుకుంటే `KPT61-p0238-r17` అన్న రూపం మంచిది. ముందు అక్షరాలు ఉండటం వల్ల ఎక్సెల్ దాన్ని తేదీగానో మామూలు సంఖ్యగానో మార్చదు. సున్నాలు నింపడం వల్ల 99 తరువాతే 100 వస్తుంది.

పని సాగుతున్నంత కాలం ఈ కాలమ్‌లు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూడటానికి చిన్న తనిఖీ చాలు. `B` కాలమ్‌లో `pdf_l`, `D` కాలమ్‌లో `row_l` ఉన్నాయనుకుంటే, ఒక పేజీలోని అతి పెద్ద వరుస అంకె ఆ పేజీ నుంచి వచ్చిన వరుసల సంఖ్యకు సమానం కావాలి:

```
=MAXIFS(D:D,B:B,238)=COUNTIFS(B:B,238)
```

`FALSE` వస్తే మధ్యలో ఒక వరుస చెరిగిపోయిందని గాని, ఒకే వరుస రెండుసార్లు చేరిందని గాని అర్థం. ఇది నిలవాలంటే మొత్తం వరుసలను, జనం లేని ఊళ్లను అసలు పట్టికలో నుంచి తీసేయకూడదు. వాటిని గుర్తించే కాలమ్ ఒకటి పెట్టి, లెక్కలు కట్టేటప్పుడు వదిలేస్తే సరిపోతుంది.

చిరునామా ఉన్నాక దాన్ని వాడే తీరు చూద్దాం. ఒక ఊరికి మొత్తం జనం 642, పురుషులు 318, స్త్రీలు 342 అని పట్టికలో ఉందనుకుందాం. కలిపితే 660, తేడా 18. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుందని లెక్కలు రాసేవారికి తెలుసు. 18 అలాంటిదే కనుక 324 కాస్తా 342 అయి ఉండవచ్చు. కాని ఇది ఊహ మాత్రమే, ఊహ మీద అంకెను దిద్దకూడదు. ఆధారపు కాలమ్ చెప్పిన 238వ పేజీ 22వ వరుస తెరిస్తే రెండింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. కాగితం మీద 324 ఉంటే ఎక్కించడంలో జరిగిన పొరపాటు, దిద్దవచ్చు. కాగితం మీదే 342 ఉంటే అది అచ్చు తప్పు, లేదా మొత్తమే తప్పు. అప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి.

అందుకే ప్రతి అంకెల కాలమ్‌కూ రెండు రూపాలు ఉండటం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. ఒకటి పుస్తకంలో కనిపించింది కనిపించినట్టు, రెండోది మనం లెక్కలకు వాడేది. మొదటిదాన్ని కాగితంతో సరిపోల్చి తప్ప మార్చకూడదు. రెండోది మార్చినప్పుడు కారణం పక్కన రాయాలి. సున్నాకు బదులు పట్టికల్లో చుక్కలో గీతో వేస్తారు. మొదటి రూపంలో ఆ చుక్కలు అలాగే ఉండాలి, రెండోదానిలో 0 ఉండాలి. సాఫ్ట్‌వేర్ చదవలేకపోయిన గడి రెండింటిలోనూ ఖాళీగా ఉండాలి. ఈ తేడా పాటించకపోతే 'ఎవరూ లేరు' అన్నదీ 'చదవలేకపోయాం' అన్నదీ ఒకటైపోతాయి.

పేజీని వెంటనే తెరిచే లంకె కావాలంటే స్కాన్ వెబ్ చిరునామా చివర `#page=238` అని చేర్చాలి, చాలా బ్రౌజర్‌లు నేరుగా ఆ పేజీనే చూపిస్తాయి. ఎక్సెల్‌లో `HYPERLINK` సూత్రంతో దీన్ని ప్రతి వరుసకూ తెప్పించవచ్చు. కాని లంకె తెగిపోవచ్చు, అంకెలు మిగులుతాయి. కనుక లంకె ఉంది కదా అని పేజీ కాలమ్‌లను తీసేయడం మంచిది కాదు.

అనేక వరుసల నుంచి పుట్టిన అంకెల సంగతి వేరు. నేటి రాయగడ జిల్లా పరిధికి 1961 జనాభా కావాలంటే అప్పటి కోరాపుట్ పట్టికలోని అనేక పోలీస్ స్టేషన్ల ఊళ్లను కూడాలి. ఆ కూడికకు ఒక పేజీ అంటూ ఉండదు. దానికి ఆధారంగా ఏ పేజీ అంకెనూ రాయకుండా, ఏయే వరుసలు కూడామో తెలిపే కాలమ్‌ను, `dist_now` వంటిదాన్ని, అసలు పట్టికలోనే పెట్టి అక్కడి నుంచి లెక్క తెప్పించాలి. అచ్చు పుస్తకంలో జిల్లా పేరు కోరాపుట్ అనే ఉంటుంది, ఆ కాలమ్‌ను రాయగడ అని దిద్దకూడదు. పుస్తకంలోని జిల్లాకూ నేటి జిల్లాకూ వేర్వేరు కాలమ్‌లు ఉండాలి.

ఈ కాలమ్‌లు అంకె ఎక్కడిదో చెబుతాయి తప్ప అది సరైనదని హామీ ఇవ్వవు. హామీ కావాలంటే ప్రతి పోలీస్ స్టేషన్ నుంచి కొన్ని వరుసలను యాదృచ్ఛికంగా తీసి, ఎక్కించినవారు కాక వేరొకరు స్కాన్‌తో పోల్చి చూడాలి. అలా చూసేటప్పుడు జనం లేని ఊరికి వెంటనే కింద ఉన్న వరుసనూ, ప్రతి పేజీ చివరి వరుసనూ తప్పనిసరిగా కలుపుకోవాలి. జరుగుబాటు ఉంటే మొదట బయటపడేది అక్కడే.

చివరగా స్కాన్ ఫైల్ గురించి. అదే పుస్తకానికి మెరుగైన స్కాన్ ఇంకోచోట దొరకవచ్చు. దానిలో అట్ట పేజీ ఒకటి ఎక్కువ ఉన్నా మన పీడీఎఫ్ అంకెలన్నీ ఒకటి చొప్పున తప్పుతాయి. మనం వాడిన ఫైల్ ఇదేనని గుర్తుపట్టడానికి దాని వేలిముద్ర లాంటి సంఖ్యను `sha256sum KPT61.pdf` అనే ఆదేశంతో తీసి, పుస్తకాల జాబితా ఉన్న వేరే షీట్‌లో ఫైల్ పేరు పక్కన రాసి ఉంచాలి. కొత్త స్కాన్‌కు మారినప్పుడు పాత `pdf_l`, `pdf_r` అంకెలకు ఏదో ఒకటి కూడి దిద్దడానికి ప్రయత్నించకుండా, కొత్త ఫైల్‌కు `KPT61B` అని మరో పొట్టిపేరు ఇచ్చి, అచ్చు పేజీ అంకెకు ఎదురుగా కొత్త పీడీఎఫ్ అంకె ఉండే చిన్న పట్టిక చేసుకోవాలి. అచ్చు పేజీలూ వరుస అంకెలూ మారవు కనుక, ఆ చిన్న పట్టిక నుంచి కొత్త పీడీఎఫ్ అంకెలను `pg_l`, `pg_r` ద్వారా ఒక్క సూత్రంతో తెచ్చుకోవచ్చు.